సెక్రటరీ గారికి, ఐదో అంతస్తు నుంచి

ఓవర్‌హెడ్ ట్యాంక్‌కు అందరికన్నా దగ్గరగా ఉండేది పై అంతస్తు వాళ్లే. షవర్ తిప్పితే నీళ్లు సన్నగా జారేదీ వాళ్ల ఇంట్లోనే. నీటి ఒత్తిడి వచ్చేది ట్యాంకు ఎత్తు నుంచి. దాదాపు 33 అడుగుల ఎత్తుకు ఒక కిలో ప్రెషర్ వస్తుందని ప్లంబర్లు లెక్కేస్తారు. కిలో అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువు. డాబా మీద నాలుగడుగుల దిమ్మెపై ట్యాంకు ఉందనుకుందాం. ఐదో అంతస్తు షవర్ దానికి ఏడడుగుల కిందే ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రెషర్ 0.2 కిలో. రెండో అంతస్తు షవర్‌కు మరో 30 అడుగుల దిగువ కలిసొచ్చి 1.1 కిలో దాకా వస్తుంది.

ఈ లోటు తీర్చడానికే చాలా అపార్ట్‌మెంట్లలో డాబా మీద బూస్టర్ పంపు పెట్టి, పై రెండు అంతస్తులకు విడిగా పైపు వేస్తారు. అది ఉండి కూడా నీళ్లు సరిగా రాకపోతే సెక్రటరీకి ఉత్తరం రాయాల్సిందే. “నీళ్లు రావట్లేదు, ఏదైనా చేయండి” అని రాస్తే ప్లంబర్ వచ్చి ఒక కుళాయి తిప్పి చూసి వెళ్లిపోతాడు. లేదా మీటింగులో ఇంకా పెద్ద పంపు కొందామంటారు. ఉత్తరంలో ఏం చూశారో ఉండాలి. ఇలా:

“సెక్రటరీ గారికి నమస్కారం. మా ఐదో అంతస్తు ఫ్లాట్‌లో కొంతకాలంగా రెండు బాత్రూముల్లోనూ, వంటింట్లోనూ నీళ్లు సన్నగా వస్తున్నాయి. షవర్ కింద పది లీటర్ల బకెట్ నిండడానికి 2 నిమిషాల 50 సెకన్లు పడుతోంది. వాచ్‌మన్‌తో బూస్టర్ ఆపించి చూస్తే 3 నిమిషాలు పట్టింది. రెండో అంతస్తు వాళ్లింట్లో నిమిషంన్నర కూడా పట్టలేదు. రాత్రి మా వైపు కుళాయిలన్నీ కట్టేసినా పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంది. కొత్త పంపు కొనే ముందు, బైపాస్ లైనులోని ఎన్‌ఆర్‌వీతో సహా దీన్ని ఒకసారి తనిఖీ చేయించగలరు.”

ఈ ఉత్తరంలో కీలకం ఆ పది సెకన్ల తేడా. పంపు ఉన్నా లేకపోయినా బకెట్ దాదాపు ఒకే సమయానికి నిండుతోందంటే మోటారు తిరుగుతోంది గానీ ఆ బలం ఇంటిదాకా రావడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీళ్లు పంపును తప్పించుకుని కిందికి రావడానికి పక్కన ఒక బైపాస్ పైపు ఉంటుంది. అందులో నీళ్లను ఒకే దిక్కుకు వదిలే వాల్వ్ పేరే ఎన్‌ఆర్‌వీ. దాని రేకులో ఇసుక రేణువో, బోరు నీటి సున్నపు పొరో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు పంపు తోసిన నీళ్లు బైపాస్ గుండా మళ్లీ ట్యాంకు వైపే పోతాయి. నీళ్లు అక్కడక్కడే తిరుగుతుంటాయి. ప్రెషర్ పెరగదు కాబట్టి పంపును ఆపాల్సిన ప్రెషర్ స్విచ్ పనిచేసే అవకాశమే రాదు. ఒక హెచ్‌పీ మోటారైతే గంటకు సుమారు ఒక యూనిట్ కాలుతుంది. రాత్రంతా తిరిగితే ఎనిమిది యూనిట్ల దాకా అందరి మెయింటెనెన్స్ ఖాతాలో పడతాయి. ఇక్కడ ఎంత పెద్ద పంపు తెచ్చి పెట్టినా ఆ నీళ్లలో చాలా భాగం వెనక్కే పోతుంది.

తనిఖీకి పెద్దగా సమయం పట్టదు. పై రెండు అంతస్తుల వాళ్లను కుళాయిలు కట్టేయమని, పంపు నడుస్తుండగానే బైపాస్ మీది గేట్ వాల్వ్ మూసేయాలి. పంపు దగ్గరి గేజ్ ముల్లు 0.4 దగ్గర నుంచి ఒక్కసారిగా రెండు కిలోల వైపు లేచి, పంపు దానంతటదే ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఎన్‌ఆర్‌వీ విప్పి కడగాలి, రేకు అరిగిపోతే మార్చాలి. వాల్వ్ మూసినా ముల్లు కదలకపోతే పంపులోకి నీళ్లొచ్చే వైపు జాలీలో చెత్త పేరుకుందేమో, లోపల ఇంపెల్లర్ అరిగిందేమో చూడాలి. గేజ్ బాగానే చూపిస్తున్నా బకెట్ నిండకపోతే లోపం కిందికి దిగే పైపులోనో, ఆ ఫ్లాట్‌లోనో ఉంది. వేడి నీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్ లైను చూసుకోవాలి.

పంపు ఆగకుండా తిరగడం కాక, కుళాయి తిప్పగానే టకటకా ఆగుతూ మొదలవుతూ ఉంటే ఆ జబ్బు వేరు. పక్కనుండే చిన్న ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గింది. దాని గాలి పిన్ను నొక్కినప్పుడు నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగినట్టు.

ఈలోగా విసిగిపోయి సొంతానికి చిన్న పంపు తెచ్చి ఉమ్మడి పైపుకు తగిలించే వాళ్లున్నారు. అది చేయకూడదు. అది ఉమ్మడి లైను నుంచి నీళ్లు లాగేస్తుంది, పక్క ఫ్లాట్‌కు వచ్చే ఆ కాస్తా తగ్గిపోతుంది.

మరమ్మతు అయ్యాక అదే షవర్ కింద అదే బకెట్ పెట్టి పంపు వేసి ఒకసారి, ఆపి ఒకసారి సమయం చూడాలి. ఆ రెండు అంకెలూ, గేజ్ ఎంత చూపించిందో, తేదీతో సహా అసోసియేషన్ రిజిస్టర్‌లో రాసిపెట్టమని సెక్రటరీ గారిని అడగాలి. సెక్రటరీ మారినా, ప్లంబర్ మారినా, ఈసారి ఫిర్యాదు వస్తే దేనితో పోల్చి చూడాలో అందులో ఉంటుంది.