చీరను మాత్రం కెమెరాకే వదలండి

అన్నా,

ఈ దసరా కేటలాగ్‌కు మోడల్, మేకప్, లొకేషన్ ఏవీ వద్దని, ఫోన్‌లో తీసిన చీరల ఫోటోలు ఏఐకి ఇచ్చి బొమ్మలు చేయించుకుంటానని అన్నారు కదా. మీరు పంపిన నమూనా చూశాను. చూడగానే బాగుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం న్యాయమే, కొంత పని దానితో నిజంగానే అయిపోతుంది. ఏ పని దానికివ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో ఆ నమూనా చీరతోనే చెబుతాను.

మీ మెరూన్ పోచంపల్లి పట్టుచీరను బల్ల మీద పరిచి, పక్కన ఆ బొమ్మను స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. ముందు డిజైన్ అంచులు గమనించండి. పోచంపల్లిలో నేతకు ముందే పోగులకు చిటికి కట్టి రంగులద్దుతారు. మగ్గం మీద ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ప్రతి డైమండ్ అంచూ కాస్త చెదిరినట్టు, రంగు పక్కకు పాకినట్టు ఉంటుంది. బొమ్మలో ఆ చెదురే లేదు, అంచులన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. చీరలు తెలిసిన ఆవిడ ఎవరైనా అది చూస్తే ప్రింటు చీరే అనుకుంటుంది. మీరు చెప్పే ధరకు ఏ పనితనం కారణమో, సరిగ్గా దాన్నే ఆ బొమ్మ తుడిచేసింది.

ఇలా ఎందుకవుతుందంటే, ఏఐ మీ చీరను కత్తిరించి మోడల్‌కు అతికించదు. ఫోటో చూసి, అలాంటి చీరలు మామూలుగా ఎలా ఉంటాయో ఆ అంచనాతో మొత్తం మళ్ళీ గీస్తుంది. తనకు కనిపించనిది కల్పించుకుంటుంది. మీరిచ్చిన ఫోటోలో పల్లు మడతలో ఉంది. బొమ్మలో భుజం మీది పల్లుకు ఏనుగులు వచ్చాయి, మీ చీర పల్లులో ఉన్నవి చిలకలు!

రంగు సంగతి ఇంకా కష్టం. మీ దగ్గరి నెమలికంఠం చీరలే తీసుకోండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి మడత తిరిగిన చోటల్లా నీలం ఆకుపచ్చలోకి మారుతుంది. అది బొమ్మలో చాలాసార్లు ఒకటే నీలంగా తేలిపోతుంది. పైగా షాపు లైట్ల కింద ఫోన్ తీసిన రంగే తప్పయితే, దాని మీద గీసిన బొమ్మా తప్పే. స్టూడియోలో ఆ లైటింగ్‌కు మొదటి ఫోటోలో చీర పక్కన గ్రే కార్డు పెట్టేది ఇందుకే. ఆ బూడిద రంగును సరిచేస్తే మిగతా రంగులూ చాలావరకు దారికొస్తాయి.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది. మోడల్‌ను, లొకేషన్‌ను మానేద్దాం. చీరను మా డిస్‌ప్లే బొమ్మకు కుచ్చిళ్ళు పోసి కట్టి తీద్దాం. పల్లు పూర్తిగా విప్పి పైనుంచి ఒకటి, అంచు బాడీతో కలిసే చోట దగ్గరగా ఒకటి, బ్లౌజు ముక్కది ఒకటి కూడా తీద్దాం. కోవెల మండపం, దీపాలు, పూల తోరణాలు, అవన్నీ ఏఐతో చేయిద్దాం. దాని మీద అసలు ఫోటోలోంచి కత్తిరించిన చీరను పెడతాం. ఇందులో వెలుగు విషయంలోనే జాగ్రత్త పడాలి. చీరకు ఎడమవైపు నుంచి లైటు పెడితే మండపంలోనూ వెలుగు ఎడమ నుంచే రావాలి, పాదాల దగ్గర నేల మీద నీడ పడాలి. లేకపోతే చీర గాలిలో తేలుతున్నట్టుంటుంది. పండుగ శుభాకాంక్షల బ్యానర్‌లో అయితే బొమ్మ మొత్తం ఏఐతోనే చేయించండి, అక్కడ మీరు ఫలానా చీర అని చూపించడం లేదు కదా.

మీ అబ్బాయి ఏఐ బొమ్మ ఏది తయారుచేసినా, పెట్టేముందు చీరను చేతిలో పట్టుకుని సరిచూడమనండి. బొమ్మలో అంచు వెడల్పులో ఎన్ని వరుసలున్నాయో, చీరలోనూ అన్నే ఉండాలి. తర్వాత అంచును నడుము నుంచి పాదం దాకా చూపుతో వెంబడించాలి. కుచ్చిళ్ళ లోపలికి వెళ్ళిన అంచు అవతల బయటికి రాకుండా మాయమైతే ఆ బొమ్మ పనికిరాదు.

ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి ఇంకోటి కూడా తెలిసి ఉండాలి. అమ్మేవారి ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. చిలకల పల్లును ఏనుగుల పల్లుగా చూపించి అమ్మితే, చీర తిరిగి వచ్చినప్పుడు మన దగ్గర సమాధానం ఉండదు.

చీరలు పంపేటప్పుడు, ఒకే డిజైన్‌లో మిషన్ మీద నేసినవి ఎన్ని ఉన్నా, రంగుకొకటి చొప్పున పంపితే చాలు. చిటికి కట్టినవి మాత్రం ప్రతిదీ పంపండి, వాటిలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మడత గీతలు పోయేలా ఇక్కడ స్టీమ్ పట్టిస్తాం, మీరు ఇస్త్రీ చేయించొద్దు.