అయిదు కార్డుల్లో ఒకే కథ

సంతల్లోనూ గుళ్ల దగ్గరా చిలక జోస్యం చూసినవాళ్లకు ఆ తంతు తెలుసు. చిలక పంజరంలోంచి బయటికొచ్చి ఒక కార్డును ముక్కుతో లాగుతుంది. దాని మీదున్న బొమ్మను బట్టి జోస్యుడు ఫలితం చెబుతాడు. ఒక్క కార్డుతోనే తీర్పు అయిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి యూరప్‌లో వాడుతున్న లెనొర్మాన్ కార్డులది వేరే దారి. అక్కడ ఏ కార్డూ ఒంటరిగా ఏమీ చెప్పదు. అయిదు కార్డులను వరసగా పరిచి, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని చదవాలి.

ఈ పేకలో మొత్తం 36 కార్డులు. బొమ్మలన్నీ రోజూ చూసేవే: ఓడ, ఇల్లు, చెట్టు, పాము, కుక్క, ఉత్తరం, ఉంగరం. దీనికి పేరిచ్చిన మరీ ఆన్ లెనొర్మాన్ పారిస్‌లో పేరుమోసిన జోస్యురాలు. కానీ ఈ పేకను తయారుచేసింది ఆమె కాదు. 1799 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన యోహాన్ కాస్పర్ హెష్టెల్ అనే వ్యాపారి ‘ఆశల ఆట’ పేరుతో ఒక పాచికల ఆట రూపొందించాడు. అందులోని కార్డులకే, 1843లో లెనొర్మాన్ చనిపోయాక, ఆమె పేరు తగిలించి జోస్యం కోసం అమ్మారు. ఆ పాత ఆటలో పర్వతం బొమ్మ మీదికి చేరిన ఆటగాడు అక్కడే ఆగిపోవాలి. ఇంకొకరు వచ్చి విడిపించాలి, లేదా పాచికల్లో జంట పడాలి. జోస్యంలోనూ పర్వతం అర్థం దాదాపు అదే: దారి మూసుకుపోలేదు, ముందుకు కదలడం మాత్రం ఆగిపోయింది.

ఇక అయిదు కార్డుల వరస. కార్డులు తిప్పకముందే ప్రశ్న ఖాయం చేసుకోవాలి. ఏ స్థానం దేన్ని చెబుతుందో కూడా అప్పుడే తేల్చుకోవాలి. చాలామంది మధ్య కార్డును విషయంగా తీసుకుంటారు. దానికి ఎడమన ఉన్న రెండూ ఇప్పటిదాకా జరిగినదాన్ని, కుడివైపు రెండూ ఇకమీదట జరగబోయేదాన్ని చెబుతాయి. కొందరు మొదటి కార్డునే విషయంగా పెట్టుకుంటారు. ఏ పద్ధతైనా ఫరవాలేదు. కార్డులు చూశాక పద్ధతి మార్చడమే తప్పు. అలా చేస్తే ఏ వరస నుంచైనా కోరుకున్న జవాబు లాగవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో కేకులు చేసి అమ్మే ఒకావిడ ఒక కేఫ్‌కు రోజూ సరఫరా చేసే ఒప్పందం కోసం మాట్లాడుతోంది. రెండు వారాలుగా అటువైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎందుకు ఆగింది, చివరికి కుదురుతుందా అన్నది ఆవిడ ప్రశ్న. పడిన వరస ఇది: పక్షులు, ఎలుకలు, ఉంగరం, పర్వతం, తాళంచెవి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ పొడిపొడిగా చదువుతారు: సంభాషణ ఉంది, నష్టం ఉంది, ఒప్పందం ఉంది, అడ్డంకి ఉంది, పరిష్కారం ఉంది. ఇది ఎవరి విషయానికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ పనికిరాదు.

అందుకే మధ్య నుంచి మొదలుపెట్టాలి. ఉంగరం అంటే ఒప్పందం, అంటే ప్రశ్నా కార్డూ కలిశాయి. ఇప్పుడు ఎడమ నుంచి జతలుగా చదవాలి. జతలో మొదటిది విషయమైతే, రెండోది దాని తీరు చెబుతుంది. పక్షులు మాటలకూ ఫోన్లకూ గుర్తు. ఎలుకలు కొరికి తగ్గించేవి. ఈ రెండూ కలిస్తే, మాటలు రానురాను పలచబడ్డాయని అర్థం. ఎలుకల పక్కన ఉంగరం ఉంది కాబట్టి ఆ కొరుకుడు ఒప్పందం దాకా వచ్చింది. ధర కొంచెం, పరిమాణం కొంచెం, ప్రతి ఫోనులో ఏదో ఒకటి తగ్గుతూ వచ్చింది. కారణం ఇదే. ఉంగరం పక్కన పర్వతం అంటే, ఒప్పందం అక్కడే నిలిచిపోయింది.

అడ్డంకి ఏ రకమో పట్టించుకోకపోతే ఫలితం తప్పుతుంది. పర్వతం స్థానంలో కొడవలి పడి ఉంటే చర్చలు హఠాత్తుగా తెగాయని చదవాలి. శవపేటిక పడితే ఆ విషయం ముగిసిందని, మేఘాలైతే ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలియక గందరగోళమని అర్థం. పర్వతం ఆలస్యం, అంతే. దాని పక్కన తాళంచెవి ఉంది కాబట్టి ఆలస్యం తర్వాత తెరుచుకునే అవకాశమే ఎక్కువ. అదే చోట మూడాకుల మొక్క పడితే చిన్న ఊరట, అదీ కొద్ది రోజులకే అనాల్సి వచ్చేది.

కథను కలిపి కుట్టే దారం తర్వాతి మెట్టులో దొరుకుతుంది. మొదటి కార్డును చివరిదానితో, రెండోదాన్ని నాలుగోదానితో జతచేసి చదవాలి. ఎలుకలూ పర్వతమూ కలిస్తే, చిన్న చిన్న కోతలన్నీ పేరుకుని పెద్ద అడ్డంకి అయ్యాయని తెలుస్తుంది. కారణానికీ అడ్డంకికీ మధ్య లంకె ఇక్కడ ఏర్పడింది. పక్షులూ తాళంచెవీ కలిస్తే, మళ్లీ మాట్లాడుకోవడంలోనే పరిష్కారం ఉందని తేలుతుంది. ఇప్పుడు చెప్పదగ్గ కథ ఇంతే: ఫోన్లలో షరతులు కొద్దికొద్దిగా తగ్గడంతో నమ్మకం సడలింది, అందుకే ఒప్పందం ఆగింది. అయినా తెగిపోలేదు. ఆవిడే కూర్చుని నేరుగా మాట్లాడితే, ఆలస్యంగానైనా కుదిరే వీలుంది.

చివరి రెండు కార్డులనూ తారుమారు చేసి చూస్తే వరస ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఉంగరం, తాళంచెవి, పర్వతం అని పడితే, ఒప్పందం ఖాయమైనట్టే కనిపించి ఆఖరున ఆగిపోతుంది. కార్డులు అవే, కథ తిరగబడింది. 36 కార్డుల్లోంచి అయిదింటిని వరసతో సహా లెక్కిస్తే నాలుగున్నర కోట్లకు పైగా వరసలు వస్తాయి. అందుకే ఒక్కో వరస అర్థం కంఠస్థం చేయడం కుదరని పని.

చదివే మనిషి పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల కనబడతాయి. మొదటిది, కార్డుల్లో లేని మనుషులను కథలోకి తేవడం. పై వరసలో మోసానికి గుర్తైన నక్క లేదు. కేఫ్ యజమాని మోసగాడని ఎవరైనా చెబితే, అది కార్డు చెప్పింది కాదు, చదివినవాళ్ల ఊహ. ప్రతి వాక్యానికీ ఏ రెండు కార్డులు ఆధారమో వేలుపెట్టి చూపగలగాలి. రెండోది, నచ్చని ముగింపు రాగానే ఆరో కార్డు, ఏడో కార్డు తీయడం. ‘ఇంకొంచెం స్పష్టత కోసం’ అంటారు గానీ, కోరిన జవాబు వచ్చాకే చెయ్యి ఆగుతుంది.

ఈ కార్డులు రాబోయేది చెప్పగలవని రుజువేమీ లేదు. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రామ్ ఫోరర్ తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే రకం వివరణ ఇచ్చాడు. అది తమకెంత సరిపోయిందో అయిదుకు మార్కులేయమంటే సగటున 4.26 వచ్చింది. ఎవరికైనా అతికే మాటను మనదే అనుకోవడం అంత తేలిక. అందుకే తేదీ వేసి, మూడు వాక్యాలూ రాసిపెట్టుకునే అలవాటు మంచిది: కారణం ఒకటి, అడ్డంకి ఒకటి, ఫలితం ఒకటి. ఆ కేకులావిడ విషయంలో, రెండు నెలల తర్వాత ఆ కాగితం తీసి చూస్తే, ఆలస్యం తర్వాత ఒప్పందం కుదిరిందా, అసలు తెగిపోయిందా అన్నది స్పష్టంగా తేలుతుంది. తెగిపోయి ఉంటే ఆ చదువు తప్పని అక్కడే రాసుకోవాలి.