పెద్దవాళ్ల అస్థిపంజరంలో వయసు లెక్క

పిల్లల అస్థిపంజరం దొరికితే వయసు తేల్చడం కొంత సులువు. పళ్లు వచ్చే క్రమం, ఎముకల చివరలు అతుక్కునే క్రమం అందరిలోనూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి. పాతికేళ్లు దాటాక ఎదుగుదల ఆగిపోతుంది. అక్కడినుంచి ఎముకల్లో మిగిలేవి అరుగుదల గుర్తులే. అరుగుదల మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, పెద్దవాళ్ల వయసును ఒక అంకెగా చెప్పడం కుదరదు. ఒక అవధిగా మాత్రమే చెప్పగలరు.

ఇందుకు ఎక్కువగా చూసేది కటి భాగంలోని జఘన సంధిని. పొత్తికడుపు దిగువన కుడి, ఎడమ ఎముకలు ఎదురెదురుగా వచ్చి, మధ్యలో మృదులాస్థితో కలిసే చోటు అది. మృదులాస్థిని తొలగిస్తే ఎముక ముఖం బయటపడుతుంది. ఇరవైల లోపు ఆ ముఖం దున్నిన చేనులా గట్లూ చాళ్లతో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ చాళ్లు పూడి నునుపెక్కుతుంది, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో అంచు కడుతుంది. ఆ తరువాత ముఖం కొద్దిగా గుంటపడుతుంది. చివరికి అంచు విరిగి, ఎముక గుల్లబారి సన్నటి రంధ్రాలు పడతాయి.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పనిచేసిన టి. వింగేట్ టాడ్ 1920లో ఈ మార్పులను 10 దశలుగా విడదీశాడు. షీలా బ్రూక్స్, జూడీ సూచీ 1990లో వాటిని 6 దశలకు కుదించి, ఆడవారికీ మగవారికీ వేర్వేరు వయసులిచ్చారు. నేటికీ ఎక్కువగా వాడేది ఈ పద్ధతినే. ప్రతి దశకూ నమూనా అచ్చులుంటాయి. దొరికిన ఎముకను వాటి పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

ఒక మగవాడి ఎముకలో చాళ్ల జాడ లీలగా మిగిలి, అంచు దాదాపు పూర్తయి, ముందువైపు పైభాగంలో మాత్రం చిన్న ఖాళీ ఉందనుకుందాం. అది నాలుగో దశ. ఆ దశ సగటు వయసు 35. అయితే నూటికి తొంభై ఐదుగురు పడే అవధి 23 నుంచి 57 ఏళ్ల దాకా ఉంటుంది. అందువల్ల నివేదికలో సగటును ఒక్కటే రాస్తే తప్పుదారి పట్టించినట్టే. తప్పిపోయినవారి జాబితాలో యాభై ఏళ్ల మనిషి ఉంటే, అతన్ని ఆ ఒక్క అంకె చూసి కొట్టేసే ప్రమాదం ఉంది.

జఘన ఎముక పలుచన. మట్టిలో త్వరగా విరిగిపోతుంది. అప్పుడు వెనకవైపు, వెన్ను కింది త్రికాస్థితో తుంటి ఎముక కలిసే ముఖాన్ని చూస్తారు. గట్టి భాగం కాబట్టి పాత సమాధుల్లోనూ అది నిలుస్తుంది. లవ్‌జాయ్ బృందం 1985లో దానికి 8 దశలు చెప్పింది. పడుచు వయసులో అడ్డంగా అలలు, సన్నటి పొడిలాంటి నునుపు కనిపిస్తాయి. తరువాత ముఖం గరుకుబారుతుంది, రంధ్రాలు పడతాయి. ఈ మార్పులు మెల్లగా, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ వస్తాయి. అందుకే ఇద్దరు నిపుణులు ఒకే ఎముకను వేర్వేరు దశల్లో పెట్టడం కద్దు.

పుర్రె అతుకులు ఇంకా తక్కువ నమ్మదగినవి. మైండల్, లవ్‌జాయ్ పద్ధతిలో పుర్రె మీద ఎంచుకున్న చోట్ల, ఒక్కోచోట సెంటీమీటరు మేర అతుకును చూసి మార్కులు వేస్తారు. పూర్తిగా తెరిచి ఉంటే 0, ఆనవాలు లేకుండా పూడితే 3. ఆ మార్కుల మొత్తాన్నిబట్టి వయసు అంచనా కడతారు. కానీ ముప్ఫైల్లోనే అతుకులు మూసుకుపోయినవారూ, ముసలితనంలోనూ తెరిచి ఉన్నవారూ ఉన్నారు. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మరు. కటి ఎముకలు దొరకనప్పుడో, వాటికి తోడుగానో వాడతారు.

ఈ పద్ధతులకు గట్టి పరీక్ష లండన్‌లో ఎదురైంది. స్పిటల్‌ఫీల్డ్స్‌లోని క్రైస్ట్ చర్చి నేలమాళిగను 1984–86లో తవ్వినప్పుడు దాదాపు 1,000 మంది అవశేషాలు దొరికాయి. వాటిలో దాదాపు 390 శవపేటికల మీద పేరు, వయసు చెక్కిన పలకలున్నాయి. జఘన సంధి, పుర్రె అతుకులతో పాటు తొడ, భుజం ఎముకల తలలనూ కలిపి అంచనా కట్టి, పలకల మీది వయసుతో సరిచూశారు. నలభై లోపువారిని ఉన్నదానికన్నా పెద్దవారిగా, డెబ్బై దాటినవారిని చిన్నవారిగా లెక్కించినట్టు తేలింది.

ఇందుకు ఒక కారణం పద్ధతి తయారీలోనే ఉంది. ఒక దశకు ఇచ్చే సగటు వయసు, ఆ పద్ధతిని ఎవరి ఎముకల మీద కట్టారో వారి వయసులనుబట్టి వస్తుంది. సూచీ సేకరించిన ఎముకలు లాస్ ఏంజెలెస్ కరోనర్ కార్యాలయంలో శవపరీక్షకు వచ్చినవారివి. అందులో పడుచువారు ఎక్కువ. అలాంటి గుంపు నుంచి తీసిన సగటును వృద్ధులు ఎక్కువగా ఉన్న శ్మశానానికి వర్తిస్తే వయసులు కిందికి జారతాయి. ఈ లోపాన్ని బొకే-అపెల్, మాసే 1982లో బయటపెట్టారు. ఆ తరువాత వచ్చిన గణాంక పద్ధతులు ప్రశ్నను తిరగేశాయి. ఫలానా వయసులో ఈ దశ కనిపించే అవకాశం ఎంతో ముందు లెక్కగట్టి, అక్కడినుంచి వయసు అవధిని రాబడతాయి. వాటితోనూ అవధి పెద్దగా ఇరుకవదు. ఒకే వయసువారి ఎముకల్లో ఉండే సహజమైన తేడాను ఏ లెక్కా తీసివేయలేదు.