క్షేమమా అని అడిగి, జవాబు వినని ఉత్తరాలు

డోన్, బేతంచెర్ల చుట్టూ రాతి గనులు, పాలిష్ బండల యూనిట్లు, రాతిని పిండి చేసే పొడి మిల్లులు ఉన్నాయి. సరుకు కొనేవాళ్లు మాత్రం చాలావరకు దూరాన ఉంటారు. ముఖం తెలియని మేనేజరుకు రాసే మొదటి మెసేజీయే మిల్లు తలుపు. ఆ తలుపు చాలాసార్లు ఇలా తెరుచుకుంటుంది:

‘గౌరవనీయులైన ఆర్యా, తమరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాము. నాణ్యతకు మారుపేరైన మా సంస్థ తరఫున ఈ లేఖ వ్రాయుటకు మిక్కిలి సంతసించుచున్నాము. మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించి మాకొక అవకాశం ప్రసాదించగలరని ప్రార్థన.’

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. చిక్కల్లా, దీన్నే సిమెంటు డీలరు, చీరల వ్యాపారి, స్కూలు యాజమాన్యం కూడా అక్షరం మార్చకుండా పంపుకోవచ్చు. పైగా ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. ఆ చోటంతా ఆర్యుడికీ క్షేమానికీ పోయింది. రాసినవాడెవరో, ఎందుకు రాశాడో ఇంకా తెలియలేదు.

ఒకప్పుడు అది వార్త

క్షేమం మాట మొదటి నుంచీ ఉత్తమాట కాదు. కార్డు చేరడానికి రోజులు పట్టే కాలంలో ‘ఉభయకుశలోపరి’ అని కనబడితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవాళ్లు. అందరూ బతికి బాగున్నారన్నదే ఆ ఉత్తరంలోని పెద్ద కబురు. పాత రోమన్లు కూడా ‘నువ్వు బాగుంటే మంచిది, నేను బాగున్నాను’ అని ఉత్తరం మొదలుపెట్టేవాళ్లు. వాడగా వాడగా అది S.V.B.E.E.V. అనే పొడి అక్షరాలుగా మిగిలింది. మన ‘మహారాజరాజశ్రీ’ కూడా ‘మ.రా.రా.శ్రీ’గా అరిగింది అలాగే. మర్యాద పొడి అక్షరాల్లోకి దిగిందంటే, చదివేవాళ్లు దాన్ని చదవడం మానేశారనే అర్థం.

ఫోన్‌లో ‘బాగుండారా అన్నా?’ అని అడిగితే అది నిజం ప్రశ్నే. అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆగుతాం. రాతలోని ‘ఆశిస్తున్నాము’ ఎవరి జవాబు కోసమూ ఆగదు.

మాట తీస్తే సరిపోదు

ఊక మాటల్ని కొట్టేస్తే పని అయిపోదు. ఒక్కో మాట వెనక ఒక ఖాళీ దాక్కుని ఉంటుంది, దాన్ని నింపాలి. పై ఉత్తరం వాల్ పుట్టీ తయారుచేసే కంపెనీకి ఒక డోలమైట్ పొడి మిల్లు రాసిందనుకుందాం. క్షేమం అడిగిన చోట రావాల్సింది ‘మీకే ఎందుకు రాస్తున్నాను’ అన్న సంగతి. ‘నాణ్యతకు మారుపేరు’ అన్నచోట కొనేవాడు తూచుకోగల కొలత కావాలి: పొడి ఎంత మెత్తన, ఎంత తెలుపు, తేమ ఎంత. ‘అవకాశం ప్రసాదించగలరు’ అన్నచోట, అవతలివాడు నిమిషంలో చేయగల చిన్న పని అడగాలి. అప్పుడు ఉత్తరం ఇలా ఉంటుంది:

‘నమస్తే సార్. డోన్ నుంచి రాస్తున్నాను, మాది డోలమైట్ పొడి మిల్లు. మీరు పుట్టీకి తెల్ల పొడి కొంటారని కర్నూలులో మీ డీలరు చెప్పారు. మా దగ్గర 300 మెష్ పొడి 50 కిలోల బస్తాల్లో ఉంది. ఒక కిలో శాంపిల్ పంపిస్తాను, తెలుపు, తేమ మీ ల్యాబ్‌లోనే చూసుకోండి. ఏ అడ్రసుకు పంపమంటారు?’

‘సంస్థ’ పోయి మనిషి వచ్చాడు. ‘నమస్తే సార్’ మాత్రం ఉంది, ఉండాలి. ఎదురుపడితే అనే మాటే కదా. ఉత్తరం పంపేముందు ఆ మేనేజరు ఎదురుగా కూర్చున్నట్టు పైకి చదివి చూస్తే చాలు. ‘సంతసించుచున్నాము’ దగ్గర రాసినవాడికే నవ్వొస్తుంది.

కొత్త ఊక

పాత మాటలు తీసినవాళ్లు తరచూ ఇంకో గోతిలో పడతారు. ‘మీ కంపెనీ ఎదుగుదల చూసి ముచ్చటేసింది’ అన్నది చూడ్డానికి సొంతమాటలా ఉంటుంది, వందమందికి వెళ్తుంది. డీలరు చెప్పకుండానే చెప్పాడని రాయడం మరీ ప్రమాదం, ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. నిజమైన కారణం దొరక్కపోతే ‘పుట్టీ కంపెనీలన్నిటికీ రాస్తున్నాను’ అని ఉన్నమాట చెప్పడమే మేలు.

మామూలు మర్యాద మాటలు తీసేయడం అన్నిచోట్లా పనికిరాదు. ప్రభుత్వ ఆఫీసు అర్జీకి ‘విషయం’ లైను, పద్ధతి ప్రకారం సంబోధన ఉంటేనే కాగితం సరైన టేబులుకు చేరుతుంది. చావు కబురు విన్నప్పుడు అందరూ అనే మాటే ఊరట, అక్కడ కొత్తదనం వెతక్కూడదు. పాత కస్టమరైతే క్షేమం అడగొచ్చు, కానీ ‘మోకాలి నొప్పి తగ్గిందా అన్నా’ అని, తెలిసిన సంగతే అడగాలి.

ఇలా రాసినంత మాత్రాన ఆర్డరు వస్తుందని కాదు. ‘మాకు ఇంకా మెత్తటి పొడి కావాలి’ అనో, ‘మీ లారీ కిరాయి గిట్టదు’ అనో జవాబు రావచ్చు. అది మిల్లుకు పనికొచ్చే సమాచారమే. క్షేమం కోరిన ఉత్తరానికి ఆ ‘వద్దు’ కూడా రాదు, ఎందుకంటే అందులో కాదనడానికైనా ఏమీ లేదు.