బిల్లు అమ్ముకోవాలా, ఓడీ వాడుకోవాలా?

హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో ఓ చిన్న మెషినింగ్ షాపు ఉందనుకుందాం. ఒక పెద్ద కంపెనీకి షాఫ్టులు, బుష్‌లు చేసి పంపుతుంది. సరుకు విలువ 10 లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 11.80 లక్షల బిల్లు. సరుకు బాగానే ఉంది, కంపెనీ కూడా గట్టిదే. కాకపోతే డబ్బు 90 రోజులకు గానీ ఇవ్వదు.

ఈలోగా ఖర్చులు ఆగవు. స్టీలు కొట్టుకు పదిహేను రోజుల్లో కట్టాలి. ఏడో తేదీకి జీతాలు ఇవ్వాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే తర్వాతి నెల 20 నాటికి జీఎస్టీ కట్టేయాలి. కంపెనీ డబ్బు ఇచ్చిందా లేదా అన్నది ప్రభుత్వానికి పట్టదు. బిల్లు రాశావు కాబట్టి పన్ను కట్టు, అంతే. స్టీలు మీద కట్టిన పన్ను మినహాయించుకున్నా ఎనభై తొంభై వేలు చేతినుంచి పడొచ్చు. రాని డబ్బు మీద పన్ను కట్టడానికి అప్పు చేయడమన్నది చిన్న పరిశ్రమల్లో అందరికీ అలవాటైపోయిన సంగతి.

ఈ ఖాళీ పూడ్చుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ. దాని తోబుట్టువు లాంటిదే క్యాష్ క్రెడిట్. రెండోది ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్, అంటే రావలసిన బిల్లును కొంత తగ్గింపుతో ఇప్పుడే డబ్బు చేసుకోవడం. రెంటిలో ఏది చవక అని అడిగేవాళ్లు ఎక్కువ. కంపెనీ డబ్బు ఇవ్వకపోతే ఎవరి జేబు చిల్లు పడుతుందన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఓడీ ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసేది మిమ్మల్ని. మీ టర్నోవర్, మీ క్రెడిట్ చరిత్ర, చాలాసార్లు మీ ఇంటి కాగితాలు కూడా. లిమిట్ మంజూరయ్యాక ప్రతినెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. షాపులో ఉన్న సరుకు, రావలసిన బాకీలు లెక్కగట్టి, అందులోంచి మార్జిన్ తీసేసి, మిగిలినదాన్ని డ్రాయింగ్ పవర్ అంటారు. ఈ నెల ఎంతవరకు వాడుకోవచ్చో అది చెబుతుంది. మార్జిన్ సాధారణంగా పాతిక శాతం దాకా ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది: 90 రోజులు దాటిన బాకీలను చాలా బ్యాంకులు లెక్కలోకే తీసుకోవు. అంటే పార్టీ ఆలస్యం చేసేకొద్దీ, మీకు డబ్బు మరీ అవసరమైన సమయంలోనే, ఓడీ సందు కూడా ఇరుకవుతుంది.

డిస్కౌంటింగులో చూపు అటు తిరుగుతుంది. బిల్లు కొనేవాడు ముఖ్యంగా చూసేది మీ కొనుగోలుదారు కంపెనీని. గడువునాటికి కట్టాల్సింది ఆ కంపెనీ కాబట్టి వడ్డీ రేటు కూడా దాని పరపతిని బట్టే ఉంటుంది. చిన్న షాపుకు పెద్ద కంపెనీ రేటుకు డబ్బు దొరకడానికి కారణం ఇదే.

ఈ పని పద్ధతిగా జరగడానికి రిజర్వ్ బ్యాంక్ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఏర్పడిన ఆన్‌లైన్ వేదికలనే ట్రెడ్స్ అంటారు. ఆర్‌ఎక్స్ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ వాటిలో ముందుగా వచ్చినవి. మీరు బిల్లు ఎక్కిస్తారు. కంపెనీ దాన్ని చూసి, సరుకు అందింది, ఫలానా తేదీకి ఇంత కడతాను అని అంగీకరిస్తుంది. అప్పుడు బ్యాంకులు, ఫ్యాక్టరింగ్ సంస్థలు వేలంలో తమ రేట్లు చెబుతాయి. నచ్చినదాన్ని ఒప్పుకుంటే ఒకటి రెండు పనిదినాల్లో డబ్బు మీ ఖాతాలో పడుతుంది. గడువు రోజున కంపెనీ ఖాతా నుంచి ఆ మొత్తం నేరుగా బిల్లు కొన్నవారికి వెళ్తుంది. ఆ రోజు కంపెనీ కట్టకపోయినా కొన్నవారు మీ దగ్గరకు రాకూడదు. ట్రెడ్స్ నియమాల్లో చిన్న సరఫరాదారుకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఇక మన షాపు లెక్క. కంపెనీ బిల్లును అంగీకరించడానికి 15 రోజులు పట్టిందనుకుందాం. మిగిలినవి 75 రోజులు. వేలంలో ఏడాదికి 9 శాతం రేటు వచ్చిందనుకుంటే, అంటే మనవాళ్ల లెక్కలో ముప్పావలా వడ్డీ, 11.80 లక్షల మీద 75 రోజులకు కోత 21,822 రూపాయలు. వేదిక రుసుము, దానిమీద జీఎస్టీ ఒక వెయ్యి వేసుకుందాం. సుమారు 11.57 లక్షలు చేతికొస్తాయి. అదే 11.80 లక్షలు, అదే 75 రోజులు, 12 శాతం ఓడీ మీద తీస్తే వడ్డీ 29,096 రూపాయలు. రూపాయి వడ్డీ కన్నా ముప్పావలా వడ్డీ చవక, ఇందులో వాదన లేదు.

కానీ ఆ షాపుకు నిజంగా 11.80 లక్షలు 75 రోజుల పాటు కావాలా? స్టీలుకు, జీతాలకు, పన్నుకు కలిపి ఆరు లక్షలు చాలు, వేరే పార్టీ డబ్బు నలభై రోజుల్లో వస్తుంది అనుకుంటే ఓడీ మీద వడ్డీ 7,890 రూపాయలే. ఓడీలో వాడుకున్న డబ్బుకు, వాడుకున్న రోజులకే వడ్డీ. బిల్లు అమ్మితే మొత్తానికీ, గడువు దాకా కోత పడుతుంది. సగం డబ్బు ఖాతాలో ఊరికే పడి ఉన్నా కోత తగ్గదు. అందుకే శాతాలు పక్కన పెట్టి రూపాయల్లో పోల్చుకోవాలి. ఓడీ పక్కన మరచిపోయే ఖర్చులు కూడా వేసుకోవాలి: ఏటా రెన్యువల్ ఫీజు, ఆస్తి వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్, స్టాకు బీమా. ఏడాదంతా ఓడీ వాడేవారికి ఇవి పలచబడిపోతాయి. ఏడాదికి ఒకట్రెండు సార్లే వాడేవారికి వడ్డీ కన్నా ఇవే బరువు.

ఓడీ ఇప్పటికే అంచుదాకా వాడేసిన షాపుకు లెక్క మళ్లీ మారుతుంది. బిల్లు అమ్మగా వచ్చిన డబ్బును ఓడీలో జమ చేస్తే 12 శాతం వడ్డీ ఆగుతుంది, 9 శాతం కోత పడుతుంది. తేడా మిగులు. అయితే అమ్మేసిన బిల్లు ఇక మీది కాదు, స్టాక్ స్టేట్‌మెంట్‌లో చూపకూడదు. పాతిక శాతం మార్జిన్ పోగా ఆ బిల్లు మీకు 8.85 లక్షల డ్రాయింగ్ పవర్ ఇస్తోంది. అది పోయి 11.57 లక్షలు వచ్చాయి. డ్రాయింగ్ పవర్ మొత్తం వాడుకుంటున్న షాపుకు కొత్తగా దొరికింది 2.72 లక్షలే! లిమిట్‌కు మించి బాకీలున్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు. ఏ అకౌంటెంటయినా పది నిమిషాల్లో తేల్చగల లెక్క ఇది. అయినా వేయకుండానే బిల్లు అమ్మి, డబ్బంతా ఏమైందని తల పట్టుకునేవాళ్లున్నారు.

అమ్మిన బిల్లును స్టాక్ స్టేట్‌మెంట్‌లోనూ చూపడం మాత్రం ఇబ్బందితో పోయేది కాదు. ఒకే బాకీ మీద రెండుచోట్ల డబ్బు తీసుకోవడం మోసం కిందకే వస్తుంది. ఓడీ ఒప్పందంలో సాధారణంగా రావలసిన బాకీలన్నీ బ్యాంకుకు తనఖాలో ఉంటాయి కాబట్టి, బిల్లు అమ్మబోయే ముందు ఆ బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి.

ట్రెడ్స్ బయట, బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో చేసే డిస్కౌంటింగ్ చాలావరకు మరో రకం. అక్కడ ఒప్పందంలో రికోర్స్ అన్న మాట ఉంటుంది. గడువుకు కంపెనీ కట్టకపోతే ఆ మొత్తాన్ని, పైన వడ్డీని మీ ఖాతా నుంచే లాగుతారు. ఆ డబ్బు మీరు రెండు నెలల క్రితమే స్టీలుకు, జీతాలకు పెట్టేశారు. ఖాతాలో లేకపోతే మీ పేరుమీదే బకాయి. పేరుకు బిల్లు అమ్మినట్టే కానీ, నిజానికి కంపెనీ కోసం మీరు షూరిటీ పడ్డారన్నమాట. కాబట్టి కడుతుందో లేదో అని అనుమానమున్న పార్టీ బిల్లును రికోర్స్ మీద ఇవ్వడం ప్రమాదం. ఓడీలోనూ చివరికి నష్టం మీదే. లిమిట్ దాటి 90 రోజులు వరుసగా ఉండిపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, పూచీగా పెట్టిన ఇంటిదాకా వస్తారు.

ఫైనాన్స్ కంపెనీల ప్రకటనల్లో నెలకు 2 శాతం అని కనిపిస్తుంది. రెండు రూపాయల వడ్డీయే కదా అనిపిస్తుంది. కాగితం చదివితే బిల్లులో 80 శాతమే ముందు ఇస్తారు, ఫీజు మాత్రం మొత్తం బిల్లు మీద. మన బిల్లుకు చేతికొచ్చేది 9.44 లక్షలు, మూడు నెలల ఫీజు 70,800. అందిన డబ్బు మీద మూడు నెలలకు ఏడున్నర శాతం, ఏడాదికి 30. అంటే అది రెండున్నర రూపాయల వడ్డీ, అదీ రికోర్స్ తోనే అయితే ఊళ్లో వడ్డీ వ్యాపారికీ దీనికీ తేడా రసీదు ఒక్కటే.

మరి ట్రెడ్స్ అంత మేలయినప్పుడు అందరూ ఎందుకు వాడరు? అసలు అడ్డం కంపెనీ అంగీకారం దగ్గర. 250 కోట్ల పైన టర్నోవర్ ఉన్న కంపెనీలు ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం 2024లో ఆదేశించింది. అంతకుముందు ఆ గీత 500 కోట్లు. అయితే చేరడం వేరు, వచ్చిన ప్రతి బిల్లునూ అంగీకరించడం వేరు. అంగీకరించిన క్షణం నుంచి అది తప్పించుకోలేని బాకీ అవుతుంది, గడువు జరపడం కుదరదు. ఆ సౌకర్యం వదులుకోవడం చాలా కంపెనీల అకౌంట్స్ విభాగాలకు ఇష్టముండదు. కొత్త పార్టీతో బేరం మాట్లాడేటప్పుడే, ట్రెడ్స్‌లో ఎన్ని రోజుల్లో అంగీకరిస్తారని అడిగి ఆర్డర్ కాగితంలో రాయించుకోవడం మంచిది. పాత సరఫరాదారు ఒకరిని అడిగితే సంగతి ఇంకా త్వరగా తెలుస్తుంది.

అసలు ఈ 90 రోజుల గడువే చట్టానికి ఎదురు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు, ఒప్పందం ఎలా ఉన్నా, సరుకు అంగీకరించిన 45 రోజుల్లోపు కట్టాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. దీనిపై ఫిర్యాదు చేయొచ్చు. చేసేవాళ్లు మాత్రం ఎక్కువగా ఆ పార్టీతో ఇక పని లేదనుకున్నవాళ్లే. ఆర్డర్లు వస్తున్నంతకాలం ఎవరూ నోరెత్తరు.

కట్టే తేదీ ఖాయం కాని బిల్లుకు ఈ దారి అసలు పనికిరాదు. పనులు చేసి ప్రభుత్వ శాఖల దగ్గర బిల్లులు పెట్టుకున్న చిన్న కాంట్రాక్టర్లు తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ ఉన్నారు. బడ్జెట్ విడుదలయ్యాకే డబ్బు. డిస్కౌంటింగ్ లెక్క నడిచేది రోజుల మీద. ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేని బిల్లును ఏ రేటుకు కొంటారు? వాళ్లకు మిగిలేది ఓడీయే. తొంభై రోజులు దాటాక ఆ బిల్లు డ్రాయింగ్ పవర్‌లోంచీ పోతుంది, వడ్డీ మాత్రం నెలాఖరున ఠంచనుగా పడుతుంది.