ప్రయాణికుడు కూలిపోయాడు: డిపోకి రిపోర్టులో ఏం రాయాలి?

బస్సు నడుస్తుండగా ఎవరైనా స్పృహ తప్పి పడిపోతే, డ్యూటీ దిగాక డ్రైవర్ డిపో మేనేజర్‌కి ఒక కాగితం రాసివ్వాలి. ఆ కాగితం గురించి రెస్ట్ రూముల్లో చెప్పుకునే మాటల్లో సగం నిజం కావు.

అపోహ: ‘గుండెపోటు వచ్చింది’ అని కారణం రాస్తేనే రిపోర్టు పూర్తవుతుంది.

రాయకూడదు. మనిషి కూలడానికి గుండె ఆగిపోవడం, ఫిట్స్, షుగర్ పడిపోవడం, వడదెబ్బ, పక్షవాతం, ఉత్త కళ్లు తిరగడం... ఇలా ఏదైనా కారణం కావచ్చు. అది తేల్చేది డాక్టరు. డ్రైవర్ ‘గుండెపోటు’ అని రాసి, ఆసుపత్రి కాగితంలో వేరే మాట ఉంటే, మిగతా రిపోర్టు మీద కూడా అనుమానం వస్తుంది. ‘చనిపోయాడు’ అన్న మాట కూడా అంతే, అది ఆసుపత్రి చెప్పాల్సింది. చూసింది చూసినట్టు, టైముతో రాస్తే చాలు. నమూనాకి ఒక పల్లెవెలుగు బస్సు అనుకుందాం:

‘మధ్యాహ్నం 2.10కి కండక్టర్ కేక వేశారు. 2.11కి బస్సు రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఎడమవైపు మూడో సీటులో సుమారు 60 ఏళ్ల పురుషుడు పక్కకు ఒరిగి ఉన్నారు. భుజం తట్టి పిలిస్తే పలకలేదు. ఛాతీ మామూలుగా కదలడం లేదు. ఆగి ఆగి గురకలాంటి శబ్దం వచ్చింది. 2.12కి కండక్టర్ 108కి ఫోన్ చేశారు. సీట్ల మధ్య దారిలో వెల్లకిలా పడుకోబెట్టాం. ఒక ప్రయాణికుడు ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. 2.26కి అంబులెన్స్ వచ్చింది.’

ఇందులో గురక మాట వదలకూడదు. ఆగి ఆగి వచ్చే ఆ శబ్దం విని ‘ఊపిరి ఆడుతోందిలే’ అనుకుంటారు. కాదు, గుండె ఆగిన మొదటి నిమిషాల్లో అలాంటి శబ్దం రావచ్చు. పలకని మనిషిలో అది వినిపిస్తే వెంటనే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి.

అపోహ: బస్సు ఆపితే టైము దండగ, నేరుగా ఆసుపత్రికి తోలడమే మంచిది.

శ్వాస సరిగా ఆడుతూ, ఆసుపత్రి దగ్గర్లోనే ఉంటే తోలవచ్చు. అంబులెన్స్‌కి ఎంతసేపు పడుతుందో 108 వాళ్లనే అడిగి నిర్ణయించుకోవాలి. శ్వాస లేకపోతే మాత్రం ఆపక తప్పదు. గతుకుల రోడ్డు మీద ఊగే బస్సులో ఛాతీని అంత లోతుగా, లయ తప్పకుండా నొక్కడం ఎవరివల్లా కాదు. అందుకే రిపోర్టులో ‘ఆపాను’ అని వదిలేయకుండా, ఎందుకు ఆపారో ఒక్క వాక్యం చేర్చండి. ట్రిప్పు ఎందుకు లేటయిందన్న ప్రశ్నకీ జవాబు అదే.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాం, నోట్లో నీళ్లు పోశాం అని రాస్తే ‘సాయం చేశాడు’ అంటారు.

తాళాలతో ఫిట్స్ ఆగవు. స్పృహ లేనివారి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరుకి పనికొచ్చేది ఫిట్స్ ఎంతసేపు ఉన్నాయన్న లెక్క. 5 నిమిషాలు దాటితే అత్యవసరం.

అపోహ: టికెట్‌కీ వైద్యానికీ సంబంధం లేదు.

ఇది నాకు అన్నిటికంటే చిత్రంగా అనిపిస్తుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆ లెక్క మొదలయ్యేది మనిషి ఆఖరిసారి మామూలుగా కనిపించిన క్షణం నుంచి. ఒంటరిగా ప్రయాణిస్తున్న మనిషి విషయంలో ఆ సంగతి చెప్పగలిగేది కండక్టరే. ‘1.40కి టికెట్ ఇచ్చినప్పుడు ఊరి పేరు స్పష్టంగా చెప్పారు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు’ అన్న మాట అంబులెన్స్ సిబ్బందికి అక్కడికక్కడే చెప్పాలి, తర్వాత రిపోర్టులో రాయాలి. టైము సరిగ్గా గుర్తులేకపోతే టిమ్ మిషన్ టికెట్ చూసుకోవచ్చు. ఎక్కిన స్టేజీ, దిగాల్సిన స్టేజీ తెలిస్తే ఇంటివాళ్లని వెతకడమూ తేలిక.

అపోహ: రాస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటాం.

మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. కానీ అది రోడ్డు ప్రమాదాలకే. సీట్లో కూర్చుని కూలిపోవడం ప్రమాదం కాదు, పైగా డ్రైవర్ దారిన పోయే మనిషి కాదు, డ్యూటీలో ఉన్నవాడు. కాబట్టి ఆ సెక్షన్‌ని నమ్ముకుని కూర్చోవడం తప్పు. మనిషి మరణిస్తే పోలీసులు విచారించడం మామూలే. అప్పుడు డ్రైవర్‌కి అండగా నిలిచేది అదే రోజు, టైములతో రాసిన కాగితం. గొడవలు సంచి దగ్గర కూడా రావచ్చు. ప్రయాణికుడి ఫోను, డబ్బు, సంచి ఇద్దరు సాక్షుల ముందు చూసి, ఎవరికి అప్పగించారో రాసి సంతకం తీసుకోండి. రిపోర్టు రెండు కాపీలు రాయండి, మీ దగ్గరుంచుకునే కాపీ మీద డిపోలో తీసుకున్నవారి సంతకం, తేదీ, టైము వేయించుకోండి.