న్యాయనిర్ణేతకు నాలుగు లైన్లు చాలు

నాటిక పోటీలు జరిగే ఊళ్లో మొదటి రోజు రాత్రి ఒక తతంగం తప్పదు. తెర లేవకముందు న్యాయనిర్ణేతలు ముగ్గురినీ వేదిక మీదికి పిలిచి, పరిచయాలు చదివి, శాలువాలు కప్పుతారు. వ్యాఖ్యాత చేతిలో కాగితం పొడుగ్గా ఉంటుంది. బిరుదులు, సన్మానాలు, ఉద్యోగంలో చేసిన హోదాలు, ధార్మిక సంస్థల పదవులు అన్నీ అందులో ఉంటాయి. అదే కాగితం కాస్త కుదించి బ్రోచర్‌లో ఫొటో కింద వేస్తారు. అది చదివిన నటుడికి ఆయన చాలా పెద్దమనిషని అర్థమవుతుంది. తన నటనకు మార్కులు వేయడానికి ఆయనకున్న అనుభవమేమిటో మాత్రం తెలియదు.

పరిషత్తు పోటీల సంప్రదాయం మనకు కొత్తది కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెనాలిలో పుట్టింది 1929లో. ఇక న్యాయనిర్ణేత అర్హత గురించిన చర్చ భరతుడి నాటిది. నాట్యశాస్త్రంలో ప్రదర్శనను తూచేవాళ్లను ప్రాశ్నికులు అన్నారు. ఒక్కో విషయానికి ఒక్కొక్కరిని చెప్పారు. ఛందస్సుకు ఛందస్సు తెలిసినవాడు, పాఠానికి వ్యాకరణవేత్త, సంగీతానికి సంగీతకారుడు, అభినయానికి నర్తకుడు, విలుకాడి నిలకడకు విలుకాడు, శృంగార ఘట్టాలకు వేశ్య, రాజు పాత్రకు రాజు. యజ్ఞం సన్నివేశం ఉంటే యజ్ఞం తెలిసినవాడు చూడాలి. గొప్పవాళ్లను కూర్చోబెట్టండి అని ఊరుకోకుండా, ఎవరు ఏది చూడాలో కూడా చెప్పారన్నమాట. న్యాయనిర్ణేత పరిచయంలో ఉండాల్సిన మొదటి ముక్క అదే.

మన పోటీల్లో బహుమతుల జాబితా చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ప్రదర్శన, దర్శకత్వం, రచన, నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యం, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ, రంగోద్దీపనం. ఇన్నిటికీ తీర్పు చెప్పేది ముగ్గురే. ముగ్గురూ రచయితలే అయితే లైటింగ్ బహుమతి దాదాపు లాటరీయే. ముగ్గురి పరిచయాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ లోటు వెంటనే బయటపడుతుంది, మూడు చోట్లా బిరుదులే ఉంటే మాత్రం పడదు.

ఒక పరిచయాన్ని దగ్గరుండి రాసి చూద్దాం. మనిషి కల్పితం, కాగితం మాత్రం ఎక్కడైనా దొరికే రకమే. ఒక మాస్టారు పంపిన బయోడేటా ఇలా ఉందనుకోండి: విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కళాసేవకులు, మూడు బిరుదులు, అరవైకి పైగా సన్మానాలు, ముప్పై ఏళ్లుగా కళామతల్లి సేవ, ‘అనేక పరిషత్తులకు న్యాయనిర్ణేతగా వ్యవహరించారు’. బ్రోచర్ వేసే కుర్రాడు ఆయనకు ఫోన్ చేశాడు.

“మాస్టారూ, నాటకంలో మీరు ముఖ్యంగా ఏం చేసేవారండీ?”

“వేషాలు తక్కువ బాబూ. లైటింగ్ చూసేవాణ్ణి. తొంభై రెండు నుంచీ అదే పని.”

బయోడేటాలో లేని మాట ఇది, పోటీకి కావలసింది కూడా ఇదే. ఇంకో రెండు ప్రశ్నలకు మిగతాది తేలింది. రంగోద్దీపనానికి నాలుగు బహుమతులు అందుకున్నారు. ‘అనేక పరిషత్తులు’ అన్నవి లెక్కపెడితే పదకొండు. వాటిలో మూడు రాష్ట్రస్థాయివి, మిగతావి జిల్లా పోటీలు, కళాశాలల పోటీలు. ముఖ్య అతిథిగా వెళ్లి బహుమతులు పంచిన సభలు మరో పది ఉన్నాయి గానీ, అవి లెక్కలోకి రావు. బహుమతి ఇవ్వడం, బహుమతి ఎవరికో తేల్చడం రెండు వేరువేరు పనులు. ఈ రెండూ కలిపేయడం మన బయోడేటాల్లో నిత్యం కనబడే దోషం.

కుర్రాడు చివరికి ఇలా రాశాడు:

‘రంగోద్దీపన నిపుణులు, గుంటూరు. 1992 నుంచి నాటికలకు లైటింగ్ చేస్తూ పరిషత్తుల్లో నాలుగు ఉత్తమ రంగోద్దీపన బహుమతులు అందుకున్నారు. 2014 నుంచి పదకొండు నాటిక పోటీలకు న్యాయనిర్ణేత. వాటిలో మూడు రాష్ట్రస్థాయివి. ఈ పోటీలో పాల్గొంటున్న ఒక సమాజానికి 2016 వరకు పనిచేశారు.’

ముప్పై ఒక్క మాటలే. మైకులో చదివితే అర నిమిషం పట్టదు. మొదటి వాక్యం ఆయన ఏ విద్యకు చెందినవారో చెబుతుంది. రెండోది ఆ విద్యలో చేసి చూపించిన పని. తర్వాతి రెండు వాక్యాలూ తీర్పు చెప్పిన అనుభవం, ఏ ఏడు నుంచి, ఏ స్థాయిలో అన్న వివరంతో సహా. ప్రధానోపాధ్యాయ పదవి పోయిందని మాస్టారు కాస్త నొచ్చుకోవచ్చు. పోటీ పిల్లల నాటికలదైతే అదే పదవిని మొదటి వాక్యంలో పెట్టాలి, ఎందుకంటే అక్కడ అది అర్హత. అందుకే ఒకే పరిచయాన్ని అన్ని పోటీలకూ వాడటం కుదరదు.

చివరి వాక్యం దగ్గర కార్యదర్శులు జంకుతారు. అనవసరంగా గొడవ ఎందుకని కొట్టేస్తారు కూడా. నిజానికి ఆ సంగతి నాటక లోకంలో అందరికీ తెలిసే ఉంటుంది. బ్రోచర్‌లో రాయకపోతే ఫలితాలు చెప్పిన రాత్రి గ్రీన్‌రూమ్ వెనక అదే పెద్ద వార్త అవుతుంది. ముందే అచ్చులో ఉంటే అభ్యంతరమున్నవాళ్లు ముందే చెబుతారు. అయితే ఈ వాక్యంతో అన్నీ సర్దుకుంటాయని అనుకోకూడదు. ఆ సమాజానికి ఆయన ఇప్పటికీ పనిచేస్తుంటే, లేదా పోటీలో ఉన్న నాటిక ఆయనే రాసి ఉంటే, ఆ ముక్క పరిచయంలో రాసి వదిలేయడం కాదు, ఆయన్ను ఆ కుర్చీలోంచి తప్పించాలి.

పరిషత్తులకే ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. ఒక నాటిక ఒక ఊళ్లో ఆడి ఆగిపోదు. అదే నాటికను అదే సమాజం సీజన్ అంతా ఊరూరా ఆడుతుంది. న్యాయనిర్ణేతలూ తిరుగుతుంటారు. కిందటి నెల పక్క జిల్లాలో ఉత్తమ ప్రదర్శనగా తాను ఎంపిక చేసిన నాటికే ఈ నెల మళ్లీ తన ముందుకు వస్తే, ఆయన ఆ రాత్రి ప్రదర్శనకు మార్కులు వేస్తున్నారా, పాత జ్ఞాపకానికా? ఇది తప్పు కాదు, తప్పించడమూ కష్టం. అయితే ‘ఈ ఏడాది ఫలానా రెండు పోటీలకు న్యాయనిర్ణేత’ అని పరిచయంలో ఒక ముక్క ఉంటే పోటీదారులకు విషయం తెలుస్తుంది, మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలకూ తెలుస్తుంది.

బిరుదుల మాటకొస్తే, పూర్తిగా తీసేయమని నేననను. ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, అకాడమీయో రంగస్థలానికే ఇచ్చిన పురస్కారమైతే, ఇచ్చినవారి పేరు, ఏడు వేసి ఒకటి ఉంచవచ్చు. ఎవరిచ్చారో చెప్పలేని బిరుదు ఎంత బరువైనదైనా తూకానికి రాదు. ‘సుప్రసిద్ధ’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ లాంటి మాటలకు చోటే అక్కర్లేదు. నిజంగా సుప్రసిద్ధులైతే ఆ మాట అవసరం రాదు.

పోటీలు పెట్టే కార్యదర్శులకు ఒక మనవి. పరిచయాలు ప్రెస్సుకు పంపేముందు ఆ నాలుగు లైన్లనూ న్యాయనిర్ణేతకు ఫోన్లో చదివి వినిపించి, అంకెలు సరేననిపించుకోండి. ఎంట్రీలు ఖరారైన రోజే వాటిని సమాజాలకు కూడా పంపండి. అభ్యంతరాలేమైనా ఉంటే తెర లేవకముందే వస్తాయి, మనిషిని మార్చుకోవడానికి మీకూ వ్యవధి ఉంటుంది.